అన్నీ ఆపినా... మీటరు ఆగదేం?

సంక్రాంతికి ఊరెళుతూ ఆ ఇంటాయన చేసిన మంచి పని ఒకటే. గేటుకు తాళం వేసేముందు మీటరు దగ్గర ఆగి, అందులోని అంకెను క్యాలెండరు వెనక రాసుకున్నాడు. 4213. ఫ్రిజ్ ఖాళీ చేసి ప్లగ్గు పీకేశారు. టీవీ ఆపారు, దేవుడి గదిలో చిన్న బల్బు కూడా తీసేశారు. ఐదు రోజుల తర్వాత తిరిగొచ్చి చూస్తే మీటరులో 4225 ఉంది. మనిషి లేని ఇల్లు పన్నెండు యూనిట్లు తాగేసింది!

'మీటరు జంపింగ్' అంది ఇంటావిడ. 'ఎవరో మన లైనుకు కొక్కెం తగిలించారు' అన్నాడాయన. పై పోర్షన్‌లో ఉండే వాళ్లను అడిగితే 'ఈ కొత్త మీటర్లన్నీ అంతేనండీ' అని తేల్చేశారు. ముగ్గురిదీ తప్పే. దోషి ఎవరో మీటరే చెప్పగలదు. అడిగే పద్ధతి తెలియాలంతే.

ఇది ఫలానా వారి కథ కాదు. ఒకే కప్పు కింద రెండు మీటర్లున్న ఏ ఇంట్లోనైనా జరగగలిగిన కథ. అందుకే దీన్ని చివరిదాకా చూద్దాం.

ముందు రీడింగు సంగతి

ఇప్పుడు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఉన్నవి ఎలక్ట్రానిక్ మీటర్లు. వాటి తెర ఒకచోట నిలవదు. కొన్ని సెకన్లకోసారి మారిపోతూ తేదీ, సమయం, వోల్టేజి... ఇలా ఒక్కోటీ చూపిస్తూ ఉంటుంది. మనకు కావలసింది పక్కన kWh అని కనిపించే అంకె. అదే యూనిట్ల లెక్క. MD అనీ, ఉత్త kW అనీ కనిపించేది వేరు. నెలలో ఒకేసారి ఎంత ఎక్కువ లోడు పడిందో చెప్పే అంకె అది. చాలామంది దాన్ని చూసి కంగారుపడుతుంటారు.

ఈ నెల అంకెలోంచి పోయిన నెల అంకె తీసేస్తే వచ్చేదే వాడకం. ఆ తీసివేత చేసేముందు మీటరు ముఖంమీద ఉన్న నంబరూ, బిల్లుమీద ఉన్న మీటరు నంబరూ ఒకటేనా అని చూసుకోవాలి. వరసగా నాలుగైదు మీటర్లు బిగించిన చోట పక్కవాళ్ల మీటరు చూసి దిగులు పడేవాళ్లూ ఉంటారు మరి.

అయితే చిన్నచిన్న దొంగతనాలు ఈ అంకెల్లో వెంటనే దొరకవు. పాతిక వాట్లు కారిపోతుంటే తెరమీద ఒక యూనిట్ పెరగడానికి 40 గంటలు పడుతుంది. పది నిమిషాల్లో తేలాలంటే అంకెను కాదు, మీటరుమీద మెరిసే ఎర్ర చుక్కను చూడాలి.

చుక్క చెప్పే లెక్క

ఆ చుక్క పక్కనే 3200 imp/kWh అనో, 1600 imp/kWh అనో రాసి ఉంటుంది. అంటే ఒక యూనిట్ కరెంటు ఖర్చయ్యేసరికి ఆ చుక్క అన్నిసార్లు మెరుస్తుందని. 3200 అని ఉన్న మీటరైతే లెక్క చాలా తేలిక. ఒక మెరుపుకూ మరో మెరుపుకూ మధ్య ఎన్ని సెకన్లో చూసి, 1125ను ఆ సెకన్లతో భాగించాలి. వచ్చేదే ఆ క్షణంలో ఇల్లు తీసుకుంటున్న వాట్లు. 1600 అని ఉంటే 1125 బదులు 2250 వేసుకోవాలి.

ఉదాహరణకు 45 సెకన్లకోసారి మెరుస్తోందనుకుందాం. 1125ను 45తో భాగిస్తే పాతిక. అంటే 25 వాట్లు. 'పాతిక వాట్లేగా' అనిపిస్తుంది. కానీ అది రాత్రీ పగలూ తీసుకుంటూనే ఉంటుంది. రోజుకు 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. స్లాబుల లెక్కలో ఈ పద్దెనిమిదీ పైమెట్టు ధరకే పడతాయి. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్లదాకా బిల్లు సున్నా. 190 వాడే ఇంటికి ఈ పద్దెనిమిదీ తోడైతే 208. గీత దాటినందుకు మొత్తం బిల్లూ కట్టుకోవాల్సిందే.

ఆపడమంటే నిజంగా ఆపడం

పరీక్షకు ముందు ఒక చిక్కు. 'అన్నీ ఆపేశాం' అనేవాళ్ల ఇంట్లో సగం వస్తువులు ఆగి ఉండవు. రిమోట్‌తో ఆపిన టీవీ, దాని పక్కన సెట్‌టాప్ బాక్సు, ఇంటర్నెట్ రౌటరు, ఏసీ గోడకున్న స్టెబిలైజరు, దోమల మందు ప్లగ్గు... ఇవన్నీ నిద్రలోనూ కొంత తింటూనే ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద మాయ ఇన్వర్టరుది. బ్యాటరీ చార్జింగ్ అవుతున్నంతసేపూ అది మంచి లోడే. పైగా మెయిన్ ఆపినా లైట్లు వెలిగిస్తూ, మనల్ని తికమక పెడుతుంది.

కాబట్టి స్విచ్చిలు ఆపడంతో సరిపెట్టక ప్లగ్గులు పీకాలి. ఇన్వర్టరుకు కరెంటు వెళ్లే స్విచ్చి ఆపాలి. మిద్దెమీద మోటారు, మెట్లకింద లైటు, కాలింగ్ బెల్లు కూడా మరిచిపోకూడదు. ఆ తర్వాత చేతిలో గడియారంతో మీటరు ముందు నిలబడాలి.

మూడు మెట్ల పరీక్ష

మొదటి మెట్టు: మెయిన్ స్విచ్చి వేసే ఉంచి, ఇంట్లో వస్తువులన్నీ ఆపి పదిహేను నిమిషాలు చుక్కను చూడాలి. అప్పటికే పోగైన కాస్త లెక్క వల్ల ఒక్కసారి మెరిస్తే పట్టించుకోనక్కర్లేదు. కొన్ని మీటర్లలో లోడు లేనప్పుడు చుక్క ఆరిపోకుండా నిలకడగా వెలుగుతూ ఉంటుంది. అదీ తప్పు కాదు. మెరుపుల్ని మాత్రమే లెక్కపెట్టాలి. పదిహేను నిమిషాల్లో మళ్లీ మళ్లీ మెరిస్తే రెండో మెట్టెక్కాలి.

రెండో మెట్టు: డిస్ట్రిబ్యూషన్ బోర్డులోని చిన్న ఎంసీబీలన్నీ కిందికి దించాలి. మెయిన్ మాత్రం అలాగే ఉంచాలి. ఇప్పుడు చుక్క ఆగిపోతే కరెంటు ఇంటిలోపలే ఎక్కడో పోతోందని అర్థం. ఎంసీబీలు ఒక్కొక్కటే పైకెత్తుతూ వెళితే, ఏది ఎత్తగానే చుక్క మళ్లీ మొదలవుతుందో తప్పు ఆ దారిలోనే ఉన్నట్టు. మరిచిపోయిన స్టెబిలైజరు కావచ్చు. చెమ్మ పట్టిన గోడలో తీగ పైతొడుగు పాడై కరెంటు ఎర్తులోకి దిగిపోతుండవచ్చు. గీజరు స్విచ్చిని ఫేజు తీగకు కాకుండా న్యూట్రల్‌కు పెట్టి ఉండవచ్చు. ఇదే జరిగితే స్విచ్చి ఆపినా గీజరులో కరెంటు ఉంటుంది. దానిలో కాయిలు పాడైతే నీళ్లలోంచి, పైపుల్లోంచి కారిపోతుంది. ఇది బిల్లు సమస్య కాదు, ప్రాణాల సమస్య.

ఎంసీబీలన్నీ దించినా చుక్క మెరుస్తూనే ఉంటే మూడో మెట్టు. ఇప్పుడు మెయిన్ ఆపేయాలి. ఆ మెయిన్ ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ రకమై ఉండాలి. పాత ఇళ్లలో మెయిన్ పేరుతో ఒక్క ఫ్యూజు క్యారియరే ఉంటుంది. అది పీకితే ఫేజు మాత్రమే తెగుతుంది, న్యూట్రల్ అలాగే ఉండిపోతుంది. దాన్ని నమ్మి మీటరును దోషిగా తేల్చకూడదు.

డబుల్ పోల్ మెయిన్ ఆపగానే చుక్క ఆగిపోయిందా? అయితే మీటరు నిర్దోషి. ఆగలేదా? అప్పుడు కూడా మీటరుకూ మెయిన్‌కూ మధ్యలోంచి ఎవరైనా మోటారుకో, మెట్ల లైటుకో తీగ లాగారేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. అదీ లేదని తేలితేనే మీటరుమీద అనుమానం.

పైవాళ్ల ఇస్త్రీపెట్టె, కిందివాళ్ల మీటరు

మళ్లీ మన సంక్రాంతి ఇంటికొద్దాం. వాళ్ల మీటరు 3200 రకం. మొదటి మెట్టులో వస్తువులన్నీ ఆపినా చుక్క దాదాపు ఏడున్నర సెకన్లకోసారి మెరిసింది. అంటే 150 వాట్లు. ఎంసీబీలన్నీ దించారు. తేడా లేదు. డబుల్ పోల్ మెయిన్ ఆపారు. చుక్క టక్కున ఆగింది.

ఇక్కడే అసలు తాళం చెవి ఉంది. చిన్న ఎంసీబీలు తెంపేది ఫేజును. అన్ని ఫేజు తీగలూ తెగిపోయాక కూడా మీటరు తిరుగుతోందంటే, ఆ కరెంటు ఫేజు గుండా వచ్చింది కాదు. న్యూట్రల్ తీగలోంచి వస్తోంది. ఇంకో ఆనవాలు కూడా కనిపించింది. మీటరుమీద EL అన్న అక్షరాల పక్కన చిన్న దీపం వెలుగుతోంది. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటూ సమానంగా లేవని ఆ దీపం చెప్పే మాట.

మన దగ్గర వాడే ఎలక్ట్రానిక్ మీటర్లు ఈ రెండు తీగల్లోని కరెంటునూ విడివిడిగా కొలుస్తాయి. ఏది ఎక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. న్యూట్రల్ బదులు ఎర్తు వాడుకుని కరెంటు దొంగిలించేవాళ్లను పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. దొంగల కోసం వేసిన ఆ వలలో వైరింగ్ తప్పున్న అమాయకులూ చిక్కుకుంటారు.

కరెంటు మీ ఇంటి న్యూట్రల్‌లోకి ఎలా వస్తుంది? పై పోర్షన్ న్యూట్రల్, కింది పోర్షన్ న్యూట్రల్ మీటర్లు దాటాక ఎక్కడో ఒకచోట కలిసిపోతే చాలు. పైవాళ్లు వాడిన కరెంటుకు తిరిగి వెళ్లడానికి రెండు దారులు దొరుకుతాయి. తీగల పొడవూ మందమూ ఇంచుమించు ఒకటే అయితే సగం వాళ్ల మీటరు గుండా, సగం మీ మీటరు గుండా వెళుతుంది. వాళ్ల మీటరేమో ఫేజులో వెళ్లినదంతా పూర్తిగా రాసుకుంటుంది. మీ మీటరు ఆ సగాన్ని మళ్లీ రాసుకుంటుంది. వాడింది ఒకసారి, బిల్లు ఒకటిన్నరసార్లు!

పండక్కి పైవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. ఫ్రిజ్, టీవీ, పొద్దున గీజరు కలిపి రోజుకు ఐదు యూనిట్ల దాకా వాడేవారు. అందులో సగం చొప్పున ఐదు రోజులకు లెక్కేస్తే పన్నెండున్నర. క్యాలెండరు వెనకున్న పన్నెండు యూనిట్లు ఎక్కడివో అలా తెలిసింది.

రుజువు చేసుకోవడం ఇంకా తేలిక. కింద మెయిన్ వేసి, ఎంసీబీలు దించి ఉంచారు. 'పిన్నిగారూ, ఒకసారి ఇస్త్రీపెట్టె వేయండి' అని ఇంటావిడ మెట్లమీది నుంచి కేకేసింది. పైన వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె వేయగానే కింద ఏడున్నర సెకన్లకోసారి మెరుస్తున్న చుక్క రెండు సెకన్లలోపే మెరవడం మొదలెట్టింది. పైవాళ్లు తమ మెయిన్ ఆపగానే నిలిచిపోయింది. ఇక వాదన అక్కర్లేదు.

చుక్క నడకను బట్టే ఈ జబ్బును చాలావరకు గుర్తుపట్టొచ్చు. గోడలో లీకయితే, మరిచిపోయిన స్టెబిలైజరయితే ఇంచుమించు ఒకే వేగంతో మెరుస్తుంది. న్యూట్రల్ కలిసిపోతే మాత్రం మన ఇంటితో పనిలేకుండా ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా మెరుస్తుంది. అది పక్కింటి దినచర్య.

ఇందులో నష్టపోయేది ఎప్పుడూ తక్కువ వాడేవాళ్లే. రాత్రి కింద ఒక ఫ్యాను, ఒక బెడ్‌లైటు కలిపి వంద వాట్లు. పైన ఏసీ 1500 వాట్లు. మొత్తం 1600లో సగం, అంటే 800 వాట్లు కింది న్యూట్రల్‌లో పారుతుంది. వందకు కట్టాల్సినవాళ్లు ఎనిమిదొందలకు కడతారు. పైవాళ్ల న్యూట్రల్‌లోనూ ఎనిమిదొందలే ఉన్నా, వాళ్ల ఫేజులో 1500 ఉంది కాబట్టి వాళ్ల మీటరు తప్పు రాయదు. వాళ్లకు అనుమానమే రాదు.

తీసేసిన ఆర్‌సీసీబీ

ఎలక్ట్రీషియన్ వచ్చి మెట్ల దగ్గరి జంక్షన్ బాక్సు విప్పితే విషయం బయటపడింది. మెట్ల లైటు కోసం రెండు పోర్షన్ల న్యూట్రల్ తీగలనూ ఒక్కచోట మెలిపెట్టి టేపు చుట్టేశారెవరో. ఆ బాక్సు విప్పేముందు అతను రెండు పోర్షన్ల మెయిన్లూ ఆపించాడు. అది చాలా ముఖ్యం. ఒక ఇంటి మెయిన్ ఆపి రెండో ఇంటిది ఆపకుండా ఆ ముడి విప్పితే, న్యూట్రలే కదా అని ముట్టుకున్న తీగలో పూర్తి 230 వోల్టులు ఉండొచ్చు.

అప్పుడే ఇంకో సంగతి గుర్తొచ్చింది ఇంటాయనకు. కొన్నాళ్ల క్రితం బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించారు. షాకు కొట్టే పరిస్థితి వస్తే వెంటనే కరెంటు తెంపేసే పరికరమది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 30 మిల్లీ యాంపియర్ల తేడా వస్తే పడిపోతుంది. లెక్కలో చూస్తే ఏడు వాట్లకు సమానం. వాళ్లింట్లో అది గంటకోసారి పడిపోయేది. విసుగొచ్చి, ఎవరో చెబితే దాన్ని తీసేసి తీగలు నేరుగా కలిపించేశారు. పరికరం చెడిపోలేదు. న్యూట్రల్ కలిసిపోయిందని అది రోజూ చెబుతూనే ఉంది. వినలేక దాని నోరు కట్టేశారు. ముడి విడదీశాక ఆర్‌సీసీబీని మళ్లీ బిగిస్తే కదలకుండా నిలబడింది. మీటరు ముందు పదిహేను నిమిషాలు నిలబడితే చుక్క ఒక్కసారీ మెరవలేదు. EL దీపమూ ఆరిపోయింది.

చక్రం మీటరైతే

పాత చక్రం మీటర్లు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. లోడు లేకున్నా మీటరు దానంతటదే కదలడాన్ని క్రీపింగ్ అంటారు. ఆ మాట పుట్టింది వీటి దగ్గరే. వీటిలో ఓ అల్యూమినియం పళ్లెం రెండు తీగచుట్టల మధ్య తిరుగుతుంది. ఒక చుట్టకు వోల్టేజి ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. చిన్న లోడుకు కూడా పళ్లెం కదలాలని, ఇరుసు దగ్గరి రాపిడిని జయించేందుకు కాస్త అదనపు తోపుడు ముందే అమర్చి ఉంచుతారు. ఆ తోపుడు మోతాదు మించితేనో, అర్ధరాత్రి వోల్టేజి బాగా పెరిగితేనో లోడు లేకున్నా పళ్లెం నెమ్మదిగా పాకుతుంది.

దానికి విరుగుడు కూడా తయారీలోనే పెట్టారు. పళ్లెంలో ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలుంటాయి. పాకుతూ వచ్చి ఒక రంధ్రం అయస్కాంతం కిందికి రాగానే పళ్లెం ఆగిపోతుంది. కాబట్టి మెయిన్ ఆపాక పళ్లెం కాస్త తిరిగి ఆగిందంటే అది తప్పు కాదు. అంచుమీదున్న రంగు గుర్తు ఒక పూర్తి చుట్టు తిరిగొచ్చి, ఆగకుండా ముందుకు పోతేనే క్రీపింగ్. పగలు ఆగిన పళ్లెం వోల్టేజి పెరిగే వేళ పాకవచ్చు. అందుకే రాత్రి పొద్దుపోయాక ఒకసారి, పగలొకసారి చూడటం మంచిది.

ఈ మీటరుమీద ఒక యూనిట్‌కు ఎన్ని చుట్లో రాసి ఉంటుంది. 600 అని ఉంటే 6000ను ఒక చుట్టుకు పట్టిన సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. నాలుగు నిమిషాలకో చుట్టు అంటే పాతిక వాట్లు. చివరి గడి ఎరుపురంగులో ఉంటే అది యూనిట్‌లో పదో వంతు. దాన్ని కలిపి చదివితే వాడకం పదింతలుగా కనబడి గుండె ఆగుతుంది!

తప్పు మీటరుదే అయితే

డబుల్ పోల్ మెయిన్ ఆపి, మధ్యలో వేరే తీగ లేదని తేల్చుకున్నాక కూడా అరగంటలో చుక్క పదేపదే మెరిసినా, పళ్లెం పూర్తి చుట్టు తిరిగినా అప్పుడిక ఫిర్యాదే. తేదీ, సమయం, మీటరు నంబరు, మెయిన్ ఆపినప్పటి రీడింగు, ఎన్ని నిమిషాల్లో ఎన్ని మెరుపులు... ఈ ఐదూ కాగితంమీద పెట్టి సెక్షన్ ఆఫీసులో ఇవ్వాలి. 1912కు ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు. 'బిల్లు ఎక్కువొచ్చింది' అన్న ఫిర్యాదుకూ, 'మెయిన్ ఆపాక ముప్పై నిమిషాల్లో నలభై మెరుపులు' అన్న ఫిర్యాదుకూ చాలా తేడా ఉంది. రుసుము కట్టి మీటరును పరీక్షించమని కోరే హక్కు వినియోగదారుకు ఉంది. మీటరు సీలు మాత్రం ముట్టుకోకూడదు. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం మీటరును కెలకడం కరెంటు దొంగతనం కిందికే వస్తుంది. న్యాయం మన వైపున్నా నేరం మన మీదికొస్తుంది.

ఆ ఇంట్లో క్యాలెండరు మారిపోయింది గానీ, అలవాటు మారలేదు. ఉగాదికి ఊరెళుతూ ఇంటాయన మళ్లీ అంకె రాసుకున్నాడు. మూడు రోజుల తర్వాత వచ్చి చూస్తే అదే అంకె. పైవాళ్ల మీటరు మాత్రం ఎప్పటిలాగే ముందుకు సాగింది. ఎవరి కరెంటు వారిదే!